ఒకే కుర్చీకి ఇద్దరు హక్కుదారులు

*పండగ సినిమా, నిండిన హాలు, ఎఫ్ వరుసలో పదకొండో కుర్చీకి రెండు టిక్కెట్లు. తప్పు ఎక్కడ జరిగిందో తేలకముందే ఎవరు బయటికి వెళ్ళాలో తేలిపోయిన ఒక సాయంత్రం కథ.*

సంక్రాంతి వారంలో సాయంత్రం అయిదున్నర దాటేసరికి కోస్తా జిల్లాల్లోని చిన్న పట్టణపు సినిమాహాలు ఆవరణలో కాలు పెట్టడానికి కూడా చోటుండదు. పల్లెల నుంచి వచ్చిన ఆటోలు గేటు బయట అడ్డదిడ్డంగా ఆగి ఉంటాయి, కొత్త బట్టల్లోని పిల్లలు హీరో కటౌటు కింద చేరి ఫొటోలు దిగుతుంటారు, మాట్నీ వదలగానే బయటికి వచ్చే జనమూ మొదటి ఆటకు లోపలికి తోసుకువచ్చే జనమూ ఇరుకైన మెట్ల మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ ఉంటారు. ఆ సందడికంతటికీ ఒక మూలన, చేయి మాత్రమే దూరే కంతతో ఉన్న బుకింగు గదిలో, ముందొక పాత కంప్యూటరు తెర, పక్కన టిక్కెట్టు పుస్తకాలు, మోచేతి కింద కుర్చీల పటం పెట్టుకుని టిక్కెట్ల గుమాస్తా కూర్చుని ఉంటాడు. టిక్కెట్ల ధరల పెంపు గురించీ అదనపు ఆటల అనుమతుల గురించీ ప్రతి పండక్కీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చర్చ జరుగుతుంది కాని, ఆ ధర చెల్లించి కొన్న కుర్చీ అసలు కొన్నవారిదేనా అన్న ప్రశ్న మాత్రం గుమాస్తా ముందుకే వస్తుంది, అదీ ఆట మొదలవడానికి అయిదు నిమిషాల ముందు.

ఈ కథనంలోని గుమాస్తా, ఆ హాలు, ఆ రెండు కుటుంబాలు కల్పితం. వారి చుట్టూ ఉన్న పద్ధతులు, నిబంధనలు, లెక్కలు మాత్రం నిజమైనవే.

పటం మీద పెన్సిలు గీతలు

ఆ హాలులోని రిజర్వుడు తరగతిలో ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు వరుసలు, వరుసకు ఇరవై చొప్పున 120 కుర్చీలు ఉన్నాయి. తెరకు అన్నిటికంటే దూరంగా, వెనుక గోడను ఆనుకుని ఉండే ఎఫ్ వరుసకు గిరాకీ ఎక్కువ. యజమాని పండగ రోజులకు ఈ 120 కుర్చీలను రెండు భాగాలు చేశాడు: సీ, డీ, ఈ వరుసలు పూర్తిగానూ, ఎఫ్ వరుసలో 1 నుంచి 11 వరకూ, వెరసి 71 కుర్చీలు ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థకు, ఏ, బీ వరుసలూ, ఎఫ్‌లో 12 నుంచి 20 వరకూ, వెరసి 49 కుర్చీలు కౌంటరుకు. ఇలా ముందుగా పంచి ఇచ్చే వాటానే హాళ్ళవారు కోటా అంటారు. పల్లెల నుంచి వచ్చేవారిలో చాలామంది నేరుగా కౌంటరు దగ్గరికే వస్తారు కనుక కొన్ని కుర్చీలు అక్కడ ఉంచక తప్పదు, పట్టణంలో ఉండేవారూ సెలవులకు ఊరికి వచ్చినవారూ ఫోనులో కొంటారు కనుక కొన్ని అక్కడ పెట్టక తప్పదు. సరిహద్దు ఎఫ్-11కూ ఎఫ్-12కూ మధ్య పడడానికి ప్రత్యేకమైన కారణమేదీ లేదు, అది యజమాని ఆ ఉదయం అప్పటికప్పుడు తేల్చిన లెక్క.

ఆట మొదలవడానికి అరగంట ముందు ఆన్‌లైన్ అమ్మకం ముగుస్తుంది. అప్పటికి అమ్ముడుపోని కుర్చీలు తిరిగి కౌంటరుకు వస్తాయి. సంస్థ పంపే జాబితాను గుమాస్తా తెర మీద చూసి, అమ్ముడైనవాటిని పటం మీద పెన్సిలుతో కొట్టివేసి, మిగిలినవాటిని క్యూలో ఉన్నవారికి అమ్ముతాడు. కౌంటరు అమ్మకాలను కూడా కంప్యూటరులోనే చేయాలన్నది పద్ధతి. అయితే ఒక్కొక్క టిక్కెట్టుకు తెర కదిలే వేగం, కంత ముందు నిలబడ్డ జనం ఓర్పుకు సరిపోనప్పుడు గుమాస్తాలు ముద్రిత టిక్కెట్టు పుస్తకం నుంచి చించి ఇచ్చి, రద్దీ తగ్గాక ఆ అమ్మకాలను కంప్యూటరుకు ఎక్కిస్తారు. ఈ వెసులుబాటు వల్లనే ఆట సమయానికి మొదలవుతుంది, దీనివల్లనే హాలులోని కుర్చీలకు రెండు వేర్వేరు చిట్టాలు ఏర్పడతాయి.

> పన్ను కాగితంగా టిక్కెట్టు
>
> సినిమా టిక్కెట్టు చాలాకాలం పన్ను కట్టినట్టు చూపే కాగితం కూడా. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో వచ్చిన వినోదపు పన్ను చట్టమే మార్పులతో ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగింది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఆ పన్ను అందులో కలిసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలు, అంతకు తక్కువ ధర గల టిక్కెట్టుపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. పుస్తకంలోని ప్రతి టిక్కెట్టుకూ వరుస సంఖ్య, చించాక పుస్తకంలోనే మిగిలే ప్రతిభాగం ఉండడం, చెడిపోయిన టిక్కెట్టును సైతం పారవేయకుండా దాచడం అలవాటుగా స్థిరపడడానికి ఈ పన్ను చరిత్రే కారణం.

ఆరు నిమిషాల్లో జరిగినది

ఆ రోజు మొదటి ఆట 6 గంటల 15 నిమిషాలకు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన ఒక యువకుడు తనకూ, భార్యకూ, తల్లిదండ్రులకూ కలిపి ఎఫ్ వరుసలో 8 నుంచి 11 వరకు నాలుగు కుర్చీలను ఫోనులో ఎంచుకుని, 5 గంటల 43 నిమిషాలకు యూపీఐ ద్వారా డబ్బు చెల్లించాడు. ఎంచుకున్న క్షణం నుంచి కొన్ని నిమిషాలపాటు ఆ కుర్చీలను మరొకరు తీసుకోకుండా సంస్థ కంప్యూటరు పట్టి ఉంచుతుంది, ఆలోగా డబ్బు అందితే టిక్కెట్టు ఖరారవుతుంది, లేకపోతే కుర్చీలు మళ్ళీ ఖాళీల్లో చేరతాయి. ఇక్కడ ఖాతాలోంచి డబ్బు పోయింది కాని, పోయిందన్న సమాచారం బ్యాంకు నుంచి సంస్థకు వెంటనే చేరలేదు. ఫోను తెర మీద చెల్లింపు పెండింగులో ఉందన్న మాట కనిపించింది. పండగ సాయంత్రాల్లో ఇది అరుదైన సంగతి కాదు.

5 గంటల 45 నిమిషాలకు ఆన్‌లైన్ అమ్మకం ముగిసింది, గుమాస్తా తెర మీదికి జాబితా వచ్చింది. అది ఖరారైన కుర్చీల జాబితా మాత్రమే. డబ్బు దారిలో ఉన్న కుర్చీలను అది అమ్ముడైనవిగానూ చూపలేదు, ఆగి ఉన్నవిగానూ చూపలేదు. పటం మీద ఎఫ్ వరుసలో 8 నుంచి 11 వరకు ఖాళీగా మిగిలాయి, కౌంటరు వాటాలో 12, 13, 14 అప్పటికింకా అమ్ముడుపోలేదు. 5 గంటల 47 నిమిషాలకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి ఆటోలో వచ్చిన దంపతులు, ఇద్దరు ఆడపిల్లలతో కంత దగ్గరికి వచ్చి, నాలుగూ ఒకేచోట కావాలని అడిగారు. గుమాస్తా పటం మీద 11 నుంచి 14 వరకు గీత గీసి, పుస్తకంలోంచి నాలుగు టిక్కెట్లు చించి, ఒక్కొక్కదాని మీద కుర్చీ సంఖ్య వేసి, నాలుగు వందల రూపాయలు తీసుకున్నాడు.

5 గంటల 49 నిమిషాలకు బ్యాంకు నుంచి సమాచారం అందింది. కుర్చీలను పట్టి ఉంచే గడువు ఇంకా తీరలేదు కనుక సంస్థ కంప్యూటరు తన లెక్కలో ఏ తప్పూ లేకుండానే యువకుడి టిక్కెట్టును ఖరారు చేసింది. గుమాస్తా తెర మీద ఎఫ్ వరుసలో మరో నాలుగు గళ్ళు ఎర్రబడ్డాయి. అతడు దానిని చూడకపోలేదు. పటం తీసి 8, 9, 10 కొట్టివేశాడు. 11 మీద అప్పటికే గీత ఉండడం వల్ల చేయి అక్కడ ఆగలేదు.

లోపం ఉన్నది సరిగ్గా ఈ చోటనే. కంప్యూటరు చిట్టాలో ఒక ఆటకు ఒక కుర్చీ పేరిట ఒకే నమోదు ఉండేలా కట్టడి ఉంటుంది, రెండో నమోదు చేయబోతే అది నిరాకరిస్తుంది. అందువల్ల ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో ఒకే కుర్చీని నొక్కినా, ఒకే చిట్టా ఉన్నంతవరకు ఒకరికే దక్కుతుంది. కాగితపు పటానికి కూడా ఆ గుణం ఉంది, గీత ఉన్నచోట గుమాస్తా మళ్ళీ అమ్మడు. కంప్యూటరుకు పటం తెలియదు, పటానికి కంప్యూటరులో దారిలో ఉన్న డబ్బు తెలియదు. ఈ రెండింటికీ మధ్య వారధి గుమాస్తా కన్ను ఒక్కటే, అది కూడా చూసిన మరుక్షణం పాతబడిపోయే జాబితా మీద ఆధారపడి ఉంటుంది. ఖాళీ ఉందని చూడడానికీ, ఆ ఖాళీని అమ్మడానికీ మధ్య గడిచే సమయంలో పరిస్థితి మారిపోతే, చూసినది నిజమే అయినా చేసినది తప్పు అవుతుంది.

> పోయిన డబ్బు ఎప్పుడు తిరిగివస్తుంది
>
> ఖాతాలోంచి డబ్బు పోయి వ్యాపారికి చెల్లింపు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన తరువాత అయిదు రోజుల్లోగా ఆ మొత్తం దానంతట అదే తిరిగి జమ కావాలని రిజర్వు బ్యాంకు 2019లో నిర్దేశించింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. పెండింగు కనిపించగానే కంగారుపడి మళ్ళీ చెల్లించేవారు రెండు జతల టిక్కెట్లతో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కుర్చీ దగ్గర విచారణ

రెండు కుటుంబాలూ గేటు దాటాయి. గేటు కీపరు పల్లె కుటుంబపు టిక్కెట్లను సగానికి చించి తన భాగం తీసుకున్నాడు, యువకుడి ఫోనులోని గళ్ళ గుర్తును యంత్రంతో చదివించాడు, యంత్రం పచ్చదీపం చూపింది. అది తన చిట్టాలో ఉన్న టిక్కెట్టు కనుక దానికి అనుమానం కలిగే వీలే లేదు. ఆరు దాటాక పది నిమిషాలకు ఎఫ్ వరుస దగ్గర గొంతులు లేచాయి. పదకొండో కుర్చీలో పల్లె కుటుంబపు పెద్దపిల్ల కూర్చుని ఉంది, యువకుడి తండ్రి ఆ కుర్చీ తనదంటూ చేతికర్ర పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవారు కూర్చోమని కేకలు వేశారు, గేటు కీపరు బుకింగు గదికి పరుగెత్తాడు.

గుమాస్తా వచ్చీ రాగానే ఎవరిది తప్పని అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కంత వెనుక కూర్చున్నవాడికి ఇలాంటి తగాదాల్లో ఎక్కువభాగం అసలు తగాదాలే కావని తెలుసు. తేదీ పొరపాటు మొదటిది, అర్ధరాత్రి దాటాక వేసే ప్రత్యేక ఆటల రోజుల్లో ఇది మరీ ఎక్కువ. పదమూడో తేదీ రాత్రి ఒంటిగంట ఆట అని జనం అనుకునేది టిక్కెట్టు మీద పద్నాలుగో తేదీగా ఉంటుంది, ఆ తేడా గమనించనివాడు ఒక రోజు ఆలస్యంగా హాలులో అడుగు పెడతాడు. ఆట పొరపాటు రెండోది, మొదటి ఆటకు బదులు రెండో ఆటకు కొన్నవారు. ఇక మూడోది, ఒకే టిక్కెట్టు బొమ్మను బంధువులందరికీ పంపగా ఇద్దరు అదే బొమ్మతో రావడం. అలాంటప్పుడు బుకింగు సంఖ్య రెండింటి మీదా ఒకటే ఉంటుంది, యంత్రం కూడా రెండోసారి చదవగానే ఇప్పటికే వాడిన టిక్కెట్టని చెబుతుంది.

అతడు ఫోను తెర మీది తేదీ, ఆట, తరగతి, కుర్చీల సంఖ్యలు వరుసగా చదివాడు, ఆ తరువాత కాగితపు టిక్కెట్ల మీద అవే అంశాలను అదే వరుసలో చూశాడు. అన్నీ సరిపోయాయి. కాగితం మీది అంకెలు తన చేతిరాతే.

“రెండూ మంచి టిక్కెట్లేనండి,” అన్నాడు, ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు.

“మంచివైతే మా నాన్నగారు ఎక్కడ కూర్చోవాలండీ? అయిదూ నలభై మూడుకి డబ్బులు కట్టాను, చూడండి,” అని యువకుడు బ్యాంకు సందేశం చూపించాడు.

“మేం కంతలో చెయ్యి పెట్టి, నోట్లిచ్చి, మీ చేత్తో పుచ్చుకున్నాం గదా బాబూ,” అంది పల్లె కుటుంబపు ఇల్లాలు. ఆమె చూపించడానికి సందేశం ఏదీ లేదు, చినిగిన సగం టిక్కెట్టు ఉంది.

డబ్బు కట్టిన సమయాన్ని బట్టి చూస్తే యువకుడు ముందు, టిక్కెట్టు చేతికందిన సమయాన్ని బట్టి చూస్తే పల్లె కుటుంబం ముందు. ముందు వచ్చినవారికి ముందన్న న్యాయం ఇలాంటి చోట ఎంత తేలికగా చెప్పగలిగినదో అంత తేలికగా వర్తించదు, ఎందుకంటే ఏ గడియారాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్నకే జవాబు లేదు. పైగా ఆ ప్రశ్నే అసంగతం. ఒకే వస్తువును ఇద్దరికి అమ్మినది హాలు, కొన్నవారిలో ఒకరు రెండోవారికి చేసిన అన్యాయం ఏదీ లేదు. తగాదా కుటుంబానికీ హాలుకూ మధ్య ఉండవలసినది. అది రెండు కుటుంబాల మధ్య తగాదాగా కనిపించడమే హాలుకు అనుకూలించిన విషయం.

ఇంకొక కుర్చీ ఎందుకు వేయరు

చుట్టూ ఉన్నవారు చెప్పిన పరిష్కారం ఒక్కటే: ఆఫీసు గదిలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరుస చివర నడవాలో వేయడం. ఒకప్పుడు చిన్న ఊళ్ళ హాళ్ళలో ఇది జరిగేది, ఇప్పటికీ ఎక్కడా జరగదని చెప్పలేం. ఈ గుమాస్తా ఒప్పుకోలేదు. సినిమాహాలు నడపడానికి ఇచ్చే అనుమతిని తెలుగు రాష్ట్రాల్లో బీ-ఫారం లైసెన్సు అంటారు, అందులో ఎన్ని కుర్చీలకు అనుమతి ఉందో ఆ సంఖ్య ఉంటుంది. 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో చేసిన నియమాలు హాలులోని నడవాలు, తలుపులు, కుర్చీల అమరిక ఎలా ఉండాలో చెబుతాయి. నడవా అంటే నడవడానికి వదిలిన ఖాళీ స్థలం మాత్రమే కాదు, పొగ కమ్మి దీపాలు ఆరిపోయినప్పుడు వందల మంది తడుముకుంటూ తలుపు చేరవలసిన ఏకైక దారి.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలు చూపింది. ‘బోర్డర్’ చిత్రం ఆడుతున్న మధ్యాహ్నం, కింది అంతస్తులో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలైన మంట నుంచి లేచిన పొగ బాల్కనీని కమ్మేసింది. 59 మంది మరణించారు, వందమందికి పైగా గాయపడ్డారు. కింద కూర్చున్నవారు బయటపడగలిగారు, చనిపోయినవారిలో అత్యధికులు బాల్కనీలో ఉన్నవారు. ఏళ్ళ తరబడి సాగిన న్యాయవిచారణలో పదేపదే ప్రస్తావనకు వచ్చిన అంశాల్లో ఒకటి, బాల్కనీలో తరువాత చేర్చిన అదనపు కుర్చీలు, వాటివల్ల ఒకవైపు నడవా మూసుకుపోవడం, బయటికి పోయే దారికి అడ్డు పడడం. ఆ కుర్చీల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక రోజు ఒక్క కుర్చీయే కదా అన్న ఆలోచనతో వచ్చి చేరినదే అయి ఉంటుంది. ఒక సాయంత్రం తగాదా తీర్చడానికి వేసిన కుర్చీ మరుసటి రోజు అమ్మకానికి వస్తుందని హాళ్ళలో పనిచేసినవారికి వేరే చెప్పనవసరం లేదు.

> రైలు, విమానం, సినిమాహాలు
>
> ఒకే చోటును ఇద్దరికి ఇవ్వడాన్ని రైల్వే తన పద్ధతిలోనే భాగం చేసుకుంది. ఆర్‌ఏసీ టిక్కెట్టు ఉన్న ఇద్దరు, పక్కగా ఉండే కింది బెర్తును కూర్చునే సీట్లుగా పంచుకుంటారు, ఆ సంగతి టిక్కెట్టు మీదే ఉంటుంది. విమాన సంస్థలు రానివారు కొందరుంటారని లెక్కవేసి ఉద్దేశపూర్వకంగానే ఎక్కువ టిక్కెట్లు అమ్ముతాయి. చోటు దొరకని ప్రయాణికుడికి గంటలోగా మరో విమానం చూపకపోతే పరిహారం ఇవ్వాలని పౌరవిమానయాన నియంత్రణ సంస్థ నియమం పెట్టింది, అది 20,000 రూపాయల వరకు ఉండవచ్చు. సినిమాహాలులో ఇలాంటి అమ్మకం పద్ధతి కాదు, పొరపాటు. పొరపాటు కనుకనే అది జరిగినప్పుడు ఏం చేయాలో రాసిపెట్టిన కాగితం ఏదీ గుమాస్తా దగ్గర లేదు.

నూట ఇరవై ఒకటో టిక్కెట్టు

కుర్చీ దగ్గర తగాదా సాగుతుండగానే బుకింగు గదిలో మరొకరు అదే తప్పును మరో దారిలో పట్టుకున్నారు. పంపిణీదారు తరఫున హాలులో ఉండి అమ్మకాలను చూసుకునే వ్యక్తిని రిప్రజెంటేటివ్ అంటారు. ప్రతి ఆటకూ ఏ తరగతిలో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు టిక్కెట్లు అమ్ముడయ్యాయో, ఎంత వచ్చిందో చూపే రోజువారీ వసూళ్ళ పత్రాన్ని, అంటే డీసీఆర్‌ను, హాలు తయారుచేస్తుంది, దానిని సరిచూసి సంతకం చేయడం ఆయన పని. పంపిణీదారు వాటా ఈ పత్రం మీదే ఆధారపడి ఉంటుంది. వసూళ్ళ లెక్కలు దాస్తున్నారన్న ఆరోపణ ఈ రంగంలో ఎంత పాతదంటే, 2021లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1955 నాటి చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ టిక్కెట్లను ప్రభుత్వ వ్యవస్థ ద్వారా అమ్మాలని తలపెట్టినప్పుడు కూడా పారదర్శకతే ప్రధాన వాదనగా వినిపించింది.

రిప్రజెంటేటివ్ లెక్క వేస్తే ఆన్‌లైన్‌లో ఖరారైనవి 71, పుస్తకంలోంచి చించినవి 50, మొత్తం 121. లైసెన్సు ప్రకారం ఆ తరగతిలో కుర్చీలు 120. తక్కువ టిక్కెట్లు చూపితే దొంగలెక్క అంటారు, ఎక్కువ చూపితే అంతకంటే ఇబ్బంది, ఎందుకంటే లేని కుర్చీని అమ్మినట్టు హాలు తన చేతులతోనే రాసిచ్చినట్టవుతుంది. పత్రం మీద సంతకం పడాలంటే ఒక టిక్కెట్టు మాయం కావాలి.

ఏ టిక్కెట్టు అన్నదే ఈ కథంతటికీ కీలకం. యువకుడి టిక్కెట్టును రద్దు చేయాలంటే హాలుకు ఆ వీలు లేదు. అది సంస్థ చిట్టాలో ఉంది, సహాయ కేంద్రానికి ఫోను చేయాలి, అవతలివారు పలకాలి, నాలుగు కుర్చీల బుకింగులో ఒక్కదానిని విడదీయగలగాలి, డబ్బు తిరిగిరావడానికి రోజులు పడుతుంది, సౌకర్య రుసుము సంగతి వేరు. ఆట మొదలవడానికి మిగిలినవి మూడు నిమిషాలు. కాగితపు టిక్కెట్టు రద్దు మాత్రం గుమాస్తా చేతిలో పని. కొన్నవారి దగ్గరి సగం, గేటు కీపరు దగ్గరి సగం తెచ్చి పుస్తకంలోని ప్రతిభాగానికి అంటించి, రద్దు అని రాసి, రిప్రజెంటేటివ్ చేత సంతకం పెట్టించి, వంద రూపాయలు వెనక్కి ఇస్తే సరిపోతుంది. రెండు కుటుంబాల్లో ఎవరి హక్కు గట్టిది అన్న విచారణ అక్కడితో ముగిసింది, ఎవరి హక్కును చెరపడం తేలికో దానిని బట్టి తీర్పు వచ్చింది. ఇది గుమాస్తా పక్షపాతం కాదు, ఫోను ఉన్నవారంటే అతడికి ప్రత్యేకమైన గౌరవమూ లేదు. యంత్రం మీద తనకు లేని అధికారం కాగితం మీద ఉంది, అంతే.

నిండిన హాలులో అటువంటి రోజు కోసం కుర్చీలు ఏవీ దాచరా అని పాఠకులు అడగవచ్చు. దాస్తారు. ప్రతి హాలులోనూ తెలిసినవారి కోసం, అధికారుల కోసం రెండు మూడు కుర్చీలు ఆపి ఉంచడం మామూలే. పండగ రోజున అవి అందరికంటే ముందే నిండుతాయి.

గుమాస్తా పల్లె కుటుంబాన్ని మెట్ల దగ్గరికి పిలిచి మూడు దారులు చెప్పాడు. ముగ్గురు చూస్తే ఒకరు బయట ఆగడం ఒకటి, నలుగురికీ రెండో ఆటకు టిక్కెట్లు మార్చడం ఒకటి, లేదా నాలుగు వందలూ తిరిగి తీసుకోవడం. తాను బయట కూర్చుంటానని భర్త అన్నాడు, పండగపూట మనిషిని బయట కూర్చోబెట్టి సినిమా ఏం చూస్తామని భార్య అంది. రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది, ఆ వేళకు పల్లెకు పోయే ఆటో ఉండదు, ఉన్నా అడిగే డబ్బు ఇచ్చేది కాదు. వచ్చేటప్పుడు ఆటోకు అయిన ఖర్చు గురించి ఆమె అడిగింది. టిక్కెట్టు డబ్బు తప్ప మరేదీ ఇవ్వడానికి బుకింగు గదిలో పద్దు లేదని గుమాస్తా చెప్పాడు, అది నిజమే. జేబులోంచి రెండు వందలు తీసి ఇవ్వబోతే ఆమె భర్త పుచ్చుకోలేదు.

వారు గేటు దాటకముందే ఎఫ్-12, 13, 14 కుర్చీలు బయట నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్ళకు అమ్ముడుపోయాయి. 121లో నాలుగు పోగా 117, మూడు కలపగా 120. డీసీఆర్ మీద ఆ ఆట హౌస్‌ఫుల్. పండగనాడు నాలుగు రద్దులు పెద్ద విషయం కాదు, రిప్రజెంటేటివ్ సంతకం పెట్టాడు. యువకుడి తండ్రి పదకొండో కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుటుంబం తప్పు చేయలేదు, అయినా విశ్రాంతి దాకా ఆ వరుసలో ఎవరూ వారితో మాట కలపలేదు.

> ఫిర్యాదు చేయదలిస్తే
>
> డబ్బు తీసుకుని ఇస్తానన్న సేవ ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవా లోపంగా చూస్తుంది. టిక్కెట్టు డబ్బు వెనక్కి ఇచ్చినంత మాత్రాన, దానివల్ల కలిగిన ఇతర నష్టాన్ని అడిగే అవకాశం పోదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువ గల ఫిర్యాదుకు రుసుము లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను సంఖ్య 1915. టిక్కెట్టు కాగితం ఇచ్చివేసే ముందు దాని ఫొటో, కుర్చీ సంఖ్య ఫొటో తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే రద్దయిన టిక్కెట్టు పుస్తకంలోకి వెళ్ళాక కొన్నవారి దగ్గర ఆధారం ఏదీ మిగలదు.

సరిహద్దు మీది కుర్చీలు

మరుసటి ఉదయం గుమాస్తా యజమాని ముందు రెండు మాటలు పెట్టాడు. ఆన్‌లైన్ అమ్మకం ముగియగానే జాబితా తీసుకోకుండా, కుర్చీలను పట్టి ఉంచే గడువు కూడా తీరేదాకా, అంటే మరో పది నిమిషాలు ఆగి, అప్పుడు మిగిలిన కుర్చీలనే కౌంటరులో అమ్మడం మొదటిది. తిరిగివచ్చిన కుర్చీలను పుస్తకంలోంచి కాకుండా, ఎంత ఆలస్యమైనా కంప్యూటరులోంచే అమ్మడం రెండోది. మొదటిది చేస్తే దారిలో ఉన్న డబ్బు తేలిపోతుంది, రెండోది చేస్తే తేలకపోయినా కంప్యూటరు రెండో అమ్మకాన్ని నిరాకరిస్తుంది. ముద్రిత టిక్కెట్లు ఏ, బీ వరుసలకు మాత్రమే వాడితే, ఒక వరుస రెండు చిట్టాల మధ్య చీలడం కూడా ఉండదని అతడు కలిపాడు.

యజమాని మొదటిదానికి ఒప్పుకోలేదు. పండగనాడు పది నిమిషాలు కంత మూస్తే ఆవరణలో జనాన్ని ఆపడం ఎవరి తరమని ఆయన అడిగిన ప్రశ్నలో సబబు లేకపోలేదు. కౌంటరు ముందు జరిగే తోపులాట కుర్చీ దగ్గరి తగాదా కంటే ప్రమాదకరం. రెండోదానికి నెట్ కనెక్షను మార్చాలన్నాడు, పండగ వెళ్ళాక చూద్దామన్నాడు. వరుసల సంగతి మాత్రం అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు, దానికి ఖర్చు లేదు. ఆ రోజు మార్నింగు షో నుంచి ఎఫ్ వరుస ఇరవై కుర్చీలూ ఆన్‌లైన్‌కు వెళ్ళాయి. వెనుక వరుస కావాలని కంత దగ్గర అడిగేవారికి ఇప్పుడు అది దొరకదు, వారికి ఏ, బీ వరుసలే ఉన్నాయి, తెరకు దగ్గరగా.